ఫ్యూమ్ హుడ్ ఆవిరిని పట్టి ఉంచుతోందా? ఫేస్ వెలాసిటీ, సాష్ ఎత్తు, పొగ సాయంతో పరీక్షించే విధానం

ఫ్యూమ్ హుడ్ పక్కగోడ మీద అంటించిన స్టిక్కర్‌లో సాధారణంగా ఒక తేదీ, ఒక సంతకం, సెకనుకు 0.5 మీటర్లకు దగ్గరగా ఒక అంకె ఉంటాయి. పరీక్ష జరిగిన రోజున, పైకీ కిందికీ జరిగే అద్దపు తలుపు, అంటే సాష్, ఒక నిర్దిష్టమైన ఎత్తులో ఉన్నప్పుడు, హుడ్ ముందు తెరపి గుండా సగటున ఎంత వేగంతో గాలి లోపలికి వెళ్లిందో, అంటే ఫేస్ వెలాసిటీ ఎంతో, ఆ అంకె చెబుతుంది. లోపల పుట్టిన ఆవిరి లోపలే ఉండిపోతుందా, లేక మీ ముక్కు దాకా వస్తుందా అన్నది మాత్రం దాని నుంచి తెలియదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను మీ హుడ్‌లో మీరే చూసుకోవడానికి గాలి వేగాన్ని కొలిచే అనిమోమీటరు, టేపు, కొద్దిగా పొగ, తోడుగా ఒక సహోద్యోగి ఉంటే చాలు.

1. హుడ్‌ను రోజూ ఉన్నట్టే ఉంచి మొదలుపెట్టండి

పరీక్ష అనగానే చాలామంది చేసే మొదటి పని హుడ్‌ను ఖాళీ చేసి తుడవడం. దయచేసి అలా చేయకండి. ఖాళీ హుడ్ దాదాపు ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది. మీరు పనిచేసేది సీసాలు, హాట్‌ప్లేట్లు, స్టాండ్లు ఉన్న హుడ్‌లో కాబట్టి పరీక్షించవలసింది కూడా దానినే. నడుస్తున్న చర్యలను ఆపి, తెరిచి ఉన్న పాత్రలను మూసి, విషపూరితమైనవీ మండేవీ ఏమైనా తెరిచి ఉంటే బయటికి తీసి, మిగిలిన సామాను ఉన్న చోటనే ఉంచండి. తర్వాత హుడ్ లోపలి ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. ఏ వస్తువు ఎక్కడ ఉన్నప్పుడు ఏ రీడింగు వచ్చిందో చెప్పడానికి అది అవసరమవుతుంది.

గదిని కూడా మామూలుగా పనివేళల్లో ఉండే స్థితిలోనే ఉంచాలి. ఏసీ నడుస్తూ ఉండాలి, తలుపు రోజూ మూసి ఉండేదైతే మూసి ఉండాలి. పక్కనున్న హుడ్లు కూడా ఒకే ఎగ్జాస్ట్ డక్టుకు కలిసి ఉంటే వాటిని కూడా మామూలుగానే నడవనివ్వాలి, ఎందుకంటే అవి ఆపి ఉన్నప్పుడు మీ హుడ్‌కు దక్కే గాలి, అన్నీ నడుస్తున్నప్పుడు దక్కకపోవచ్చు.

2. సాష్ ఎత్తును టేపుతో కొలవండి

సాష్ ఎత్తు రాయని వేగం రీడింగుకు అర్థం లేదు. ఎందుకో చూడాలంటే మీ హుడ్ ఏ రకానిదో ముందు తెలుసుకోవాలి.

పాత హుడ్లలో ఎక్కువ భాగం స్థిర పరిమాణపు రకానివి. వాటిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాగే గాలి మొత్తం దాదాపు మారదు, కాబట్టి సాష్ పైకి లేపితే అదే గాలి ఎక్కువ వైశాల్యంలో పంచుకోబడి వేగం తగ్గుతుంది, దించితే వేగం పెరుగుతుంది. తెరపి వెడల్పు 1.5 మీటర్లున్న హుడ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సాష్ 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు తెరపి వైశాల్యం 0.675 చదరపు మీటర్లు. అప్పుడు సగటు వేగం సెకనుకు 0.48 మీటర్లు అయితే, హుడ్ సెకనుకు సుమారు 0.324 ఘనపు మీటర్ల గాలిని లాగుతోందన్న మాట. అదే సాష్‌ను 70 సెంటీమీటర్లకు లేపితే వైశాల్యం 1.05 చదరపు మీటర్లవుతుంది, వేగం 0.31కి పడిపోతుంది. అంటే స్టిక్కర్ మీద ఉత్తీర్ణత పొందిన హుడ్, సాష్‌ను ఒక జానెడు పైకి లేపగానే, తాను ఎన్నడూ పరీక్షకు నిలబడని స్థితిలోకి వెళ్లిపోతుంది.

దీనికి మరో వైపు కూడా ఉంది. బలహీనపడిన హుడ్‌ను ఉత్తీర్ణం చేయించదలచినవారికి సాష్‌ను కొద్దిగా దించి కొలవడం కంటే తేలిక మార్గం లేదు. నివేదికలో వేగం ఉండి ఎత్తు లేకపోతే నేను ఆ వేగాన్ని లెక్కలోకి తీసుకోను.

బైపాస్ హుడ్లలో సాష్ కిందికి దిగినప్పుడు పైభాగంలో ఒక జాలీ తెరుచుకుని కొంత గాలి అటు నుంచి వస్తుంది. అందువల్ల దించినప్పుడు వేగం మరీ పెరిగిపోదు. పరిమాణం మారే రకం హుడ్లలో సాష్ కదలికను పసిగట్టి, ఒక డ్యాంపరు ద్వారా గాలి పరిమాణాన్ని మార్చి, వేగాన్ని స్థిరంగా ఉంచే నియంత్రణ ఉంటుంది. ఇటువంటి హుడ్‌ను ఒకే ఎత్తులో కొలిస్తే సరిపోదు. పూర్తి పని ఎత్తులో ఒకసారి, దానిలో సగం ఎత్తులో ఒకసారి కొలిచి, రెండు చోట్లా వేగం దాదాపు ఒకటిగానే ఉందా అన్నది చూడాలి. దించినప్పుడు వేగం బాగా పెరిగిపోతుంటే నియంత్రణ పనిచేయడం లేదని, హుడ్ స్థిర రకంలా ప్రవర్తిస్తోందని అర్థం.

చాలా ప్రయోగశాలల్లో పని ఎత్తు 45 సెంటీమీటర్లు, అంటే 18 అంగుళాలు. ఆ ఎత్తులో సాష్ ఆగేలా పక్కన ఒక స్టాపరు కూడా ఉంటుంది. మీ హుడ్‌కు నిర్ణయించిన పని ఎత్తు ఏదైతే అక్కడ సాష్‌ను ఉంచి, తెరపి అడుగు నుంచి సాష్ కింది అంచు దాకా ఎడమ, కుడి చివరల్లో రెండుచోట్లా కొలిచి రాసుకోండి. ఒకవైపు ఎక్కువ, మరొకవైపు తక్కువ వస్తే సాష్‌ను మోసే కేబులు సాగిందేమో చూడాలి. అది వేగం సంగతి కాకపోయినా, సాష్ అకస్మాత్తుగా కిందికి జారి చేతుల మీద పడే ప్రమాదానికి తొలి సూచన కావచ్చు.

3. తెరపిని గడులుగా విభజించి కొలవండి

ఒక చోట కొలిచిన వేగం తెరపి మొత్తానికి వర్తించదు. సాష్ తలంలో ఒక ఊహాగీతల జాలాన్ని గీసుకుని, ఒక్కో గడి వైశాల్యం 0.09 చదరపు మీటర్లకు, అంటే ఒక చదరపు అడుగుకు, మించకుండా చూసుకోండి. మన ఉదాహరణలోని 150 × 45 సెంటీమీటర్ల తెరపిని అడ్డంగా 5, నిలువుగా 2 గడులుగా విభజిస్తే ఒక్కొక్కటి 30 × 22.5 సెంటీమీటర్లు అవుతుంది. మొత్తం 10 గడులు.

అనిమోమీటరు హాట్‌వైర్ రకానిది అయితే దాని కొనలోని రంధ్రం గాలి దిశకు ఎదురుగా ఉండాలి; పక్కకు తిరిగితే రీడింగు తగ్గుతుంది. క్యాలిబ్రేషన్ గడువు దాటిన పరికరంతో కొలవడం మొదలుపెట్టకండి. ప్రోబును ప్రతి గడి మధ్యన, సాష్ తలంలోనే ఉంచి, కనీసం 20 సెకన్ల సగటు తీసుకోండి, ఎందుకంటే గాలి వేగం ఒకే అంకె దగ్గర నిలబడదు. మెరిసి మాయమయ్యే పెద్ద అంకెను పట్టుకుని రాసుకోవడం చాలా సాధారణమైన పొరపాటు.

ఇంకా పెద్ద పొరపాటు, కొలిచేవారు తెరపికి ఎదురుగా నిలబడటం. మీ శరీరమే గాలికి అడ్డమై, మీ ముందున్న గడుల రీడింగును మార్చేస్తుంది. ప్రోబును స్టాండుకు బిగించి పక్కకు జరగడం ఉత్తమం. స్టాండు లేకపోతే కనీసం పక్కన నిలబడి చేయి చాచి పట్టుకోండి.

4. సగటును, చెదురును విడివిడిగా చూడండి

మన ఉదాహరణలోని హుడ్‌లో, సామాను ఉన్న చోటనే ఉంచి కొలిచినప్పుడు, ఎడమ నుంచి కుడికి ఈ రీడింగులు వచ్చాయనుకుందాం. అన్నీ సెకనుకు మీటర్లలో.

పై వరుస: 0.54, 0.52, 0.51, 0.49, 0.47
కింది వరుస: 0.55, 0.53, 0.50, 0.38, 0.33

మొత్తం 4.82, సగటు 0.482. ఎక్కువ ప్రయోగశాలలు అంగీకరించే పరిధి సెకనుకు 0.4 నుంచి 0.6 మీటర్లు, పాత లెక్కలో నిమిషానికి సుమారు 80 నుంచి 120 అడుగులు. తక్కువ వేగంతోనే పనిచేసేలా రూపొందించిన కొత్త హుడ్లకు తయారీదారు వేరే పరిధిని ఇస్తారు. అటువంటప్పుడు దానినే పాటించాలి. ఏ విధంగా చూసినా 0.482 చక్కటి సగటు, స్టిక్కర్ అంటించి వెళ్లిపోవచ్చు.

అయితే ప్రతి గడి రీడింగూ సగటుకు 20 శాతం అటూ ఇటూ లోపల ఉండాలన్న రెండో నిబంధనను పెట్టి చూడండి. 0.482కి 20 శాతం తగ్గిస్తే 0.386, పెంచితే 0.578. కింది వరుసలో కుడి చివరి రెండు గడులు, 0.38, 0.33, ఈ పరిధికి కిందున్నాయి. పైగా అవి విడివిడిగా చెదిరినవి కావు, ఒకే మూలలో పక్కపక్కనే ఉన్నాయి. యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులు తెరపి అంతటా చెల్లాచెదురుగా కనిపిస్తాయి. ఒక మూలలో కూడిన లోటుకు ఒక భౌతిక కారణం ఉంటుంది.

సగటు తక్కువగా ఉంటే ఫ్యాను బెల్టు జారడం, డ్యాంపరు మూసుకుపోవడం, గదికి తగినంత గాలి రాకపోవడం వంటి కారణాల కోసం భవన నిర్వహణ వారిని పిలవాలి. సగటు బాగుండి చెదురు, అంటే గడుల మధ్య తేడా, ఎక్కువగా ఉంటే ముందు హుడ్ లోపలే వెతకాలి. మరీ ఎక్కువ వేగం కూడా రక్షణ కాదు, సెకనుకు 0.75 మీటర్లు దాటితే సాష్ అంచుల దగ్గర, వస్తువుల వెనక గాలి సుడులు తిరిగి ఆవిరిని ముందుకే లాక్కురావచ్చు. వాసన ఎక్కువగా వస్తోందని ఫ్యాను వేగం పెంచమని కోరేవారు ఈ సంగతిని మరచిపోతుంటారు.

5. పొగను వదిలి చూడండి

అంకె ఎక్కడ వెతకాలో చెప్పింది. అక్కడ ఏం జరుగుతోందో పొగ చూపిస్తుంది. నీటి ఆధారిత గ్లైకాల్ పొగ యంత్రం గానీ, గోరువెచ్చని నీళ్లున్న గిన్నెలో వేసిన డ్రై ఐస్ ముక్కలు గానీ సరిపోతాయి. డ్రై ఐస్‌ను మందపాటి చేతితొడుగులతోనే పట్టుకోవాలి, మూత బిగించిన పాత్రలో ఎన్నడూ వేయకూడదు. టైటానియం టెట్రాక్లోరైడు పొగ గొట్టాలు సన్నని పొగను ఇచ్చినా, ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి, మనిషి ముఖం దగ్గర చేసే పరీక్షలకు వాటిని వాడకండి. పొగ మొదలుపెట్టే ముందు ఫైర్ అలారం చూసుకునే వారికి ఒక మాట చెప్పండి.

ముందు పొగను తెరపి చుట్టూ, అంచుల వెంబడి నెమ్మదిగా తిప్పండి: రెండు పక్క స్తంభాలు, సాష్ కింది అంచు, తెరపి అడుగున ముందుకు వంగినట్టుండే లోహపు పట్టీ. ఆ పట్టీని ఎయిర్‌ఫాయిల్ అంటారు. దాని కింద ఉన్న సందు గుండా కూడా గాలి లోపలికి వెళ్లి, పనితలం మీద ముందు భాగాన్ని ఊడ్చినట్టు వెనక్కి తీసుకుపోతుంది. ఆ సందులో టిష్యూ కాగితమో, నోటు పుస్తకమో, ఒలికినవి పీల్చే పరుపో అడ్డుపడితే, ముందు భాగంలో గాలి ఊడ్చడం మాని దొర్లడం మొదలుపెడుతుంది. తర్వాత పనితలం మీద, సాష్ తలానికి 15 సెంటీమీటర్లు లోపల, ఒక చివర నుంచి మరో చివర దాకా పొగను వదలండి.

పొగ సాఫీగా వెనకనున్న బాఫిల్ పలక సందుల్లోకి వెళ్లాలి. అది పనితలం మీద కదలకుండా తచ్చాడితే అక్కడ ప్రవాహం మందంగా ఉందని, తెరపి వైపు వెనక్కి వస్తే ఎదురు ప్రవాహం ఉందని రాసుకోండి. సాష్ వెనక పైభాగంలో పొగ గుండ్రంగా తిరుగుతూ కనిపించడం మాత్రం దాదాపు అన్ని హుడ్లలోనూ సహజం. అది సాష్ అంచు కిందుగా బయటికి చిమ్మనంత వరకు తప్పుకాదు. పొగ కంటికి కనిపించేలా తెరపి దాటి బయటికి వచ్చిందంటే మాత్రం, వేగం ఎంత ఉన్నా ఆ హుడ్ విఫలమైనట్టే.

మన ఉదాహరణలో కుడి మూల దగ్గర పొగ వదిలినప్పుడు, అది ఒక అడుగు వెనక్కి వెళ్లి, ఆగి, నెమ్మదిగా ముందుకు దొర్లింది. ఫొటో చూస్తే కారణం కళ్లముందే ఉంది. కుడివైపు వెనక మూలలో 8 ద్రావణి సీసాలు రెండు వరుసల్లో, బాఫిల్ అడుగు సందుకు ఆనించి నిలబెట్టి ఉన్నాయి; వాటి ముందు హాట్‌ప్లేటు నేరుగా పనితలం మీద కూర్చుని ఉంది. వెనక అడుగు సందు మూసుకుపోతే ఆ మూలకు గాలిని లాగేదే ఉండదు.

సీసాలను నిల్వ అల్మరాకు పంపి, హాట్‌ప్లేటు కింద 5 సెంటీమీటర్ల ఎత్తున దిమ్మలు పెట్టి మళ్లీ కొలిస్తే ఇలా వచ్చిందనుకుందాం.

పై వరుస: 0.50, 0.51, 0.49, 0.49, 0.48
కింది వరుస: 0.49, 0.49, 0.48, 0.46, 0.46

మొత్తం 4.85, సగటు 0.485. ఈ సగటును ముందటి 0.482తో పోల్చి చూడండి, తేడా లేదన్నట్టే. ఫ్యాను లాగే గాలి మారలేదు, అది పంచుకోబడిన తీరు మారింది. కుడి మూల లోటును ఎడమ వైపు మిగులు కప్పిపుచ్చింది కాబట్టి, సగటు మాత్రమే రాసే పరీక్ష ఈ హుడ్‌లోని దోషాన్ని ఏ ఏడాదీ పట్టుకోలేదు.

6. మీ అలవాట్లను కూడా పొగ ముందు నిలబెట్టండి

ఇప్పటివరకు హుడ్‌ను పరీక్షించారు. పొగ ఇంకా వస్తుండగానే, దానిని సాష్ తలానికి 15 సెంటీమీటర్లు లోపల ఉంచి, మీరు మామూలుగా పనిచేసే తీరును దాని ముందు చేసి చూపండి, సహోద్యోగిని పక్కనుంచి గమనించమనండి. ఈ భాగానికి గ్లైకాల్ పొగనో డ్రై ఐస్ పొగనో మాత్రమే వాడాలి.

మొదట తెరపికి ఎదురుగా నిలబడండి. గది గాలి మీ శరీరాన్ని చుట్టుకుని లోపలికి వెళ్లేటప్పుడు, మీ ఛాతీకి, హుడ్‌కు మధ్య ఒక నెమ్మది సుడి ఏర్పడుతుంది. పొగను లోపలి నుంచి తెరపి అంచుకు కొద్దికొద్దిగా జరుపుతూ వస్తే, ఒక దశలో అది ఆ సుడిలో చిక్కుకుని మీ ఛాతీ మీదుగా ముఖం వైపు ఎక్కడం సహోద్యోగికి కనిపించవచ్చు. 15 సెంటీమీటర్ల నియమం వెనకున్న కారణం ఇదే. ఇది చూసిన తర్వాత ఆ దూరంలో పనితలం మీద ఒక రంగు టేపు అతికించండి. గుర్తు లేని నియమాన్ని పని ఒత్తిడిలో ఎవరూ పాటించలేరు.

తర్వాత చేతులను లోపల పెట్టి, ఒక్కసారిగా వెనక్కి లాగండి. చేతి వెంట పొగ తోక బయటికి వస్తుంది. ఈసారి నెమ్మదిగా, లోపల ఒక క్షణం ఆపి తీయండి. తోక చాలావరకు లోపలే తెగిపోతుంది. సాష్‌ను వేగంగా పైకి లేపినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. సాష్ వెనక తిరుగుతుండే పొగ చుట్ట, కదిలే అద్దంతో పాటు ఊడి బయటికి వస్తుంది.

మూడవది నడక. మామూలుగా నడిచే మనిషి వేగం సెకనుకు సుమారు 1.3 మీటర్లు, అంటే హుడ్ లోపలికి లాగే గాలి వేగానికి రెండున్నర రెట్లు. సహోద్యోగిని తెరపికి అర మీటరు దూరంలో వేగంగా నడవమని చెప్పి, ఆయన దాటిపోయిన మరుక్షణం పొగను చూడండి. మనిషి వెనక ఏర్పడే ఖాళీ గాలిని తనవైపు లాగుతుంది, పొగ ఒక నాలుకలా బయటికి వస్తుంది. హుడ్ దారి పక్కన ఉంటే దానిలో విషపూరితమైన పని చేసేటప్పుడు ఆ దారిని మూయడమే తగిన మార్గం.

ఏసీ గాలి బయటికి వచ్చే గ్రిల్లు హుడ్ ముందు వైపే ఊదుతున్నదేమో కూడా చూసుకోవాలి. మీరు నిలబడే చోట, సాష్‌కు దాదాపు అర మీటరు ముందు, తెరపికి అడ్డంగానూ పైనుంచి కిందికీ వీచే గాలిని అనిమోమీటరుతో కొలవండి. ఆ వేగం ఫేస్ వెలాసిటీలో సగానికి ఎప్పుడూ మించకూడదు, మూడో వంతుకు లోపల ఉంటే మంచిది. మన హుడ్‌కైతే సెకనుకు 0.16 మీటర్లు. మించితే గ్రిల్లు రెక్కల దిశ మార్చమని అడగండి. టేబుల్ ఫ్యానుకు హుడ్ ఎదురుగా చోటు ఉండకూడదు.

తల లోపల పెట్టడం గురించి పొగ పరీక్ష కూడా అవసరం లేదు. తల సాష్ తలాన్ని దాటిందంటే మీరు పీలుస్తున్నది హుడ్ లోపలి గాలి. ఫేస్ వెలాసిటీ ఎంతైనా అది మారదు.

7. ఈ పరీక్షకు ఉన్న హద్దు, రాసుకోవలసిన వివరాలు

కంటికి కనిపించే పొగ బయటికి రాకపోయినా, కొద్దిపాటి ఆవిరి రావడానికి అవకాశం ఉంటుంది. ఏఎన్‌ఎస్‌ఐ/ఆశ్రే 110 పద్ధతిలో హుడ్ లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడు వాయువును నిమిషానికి 4 లీటర్ల చొప్పున వదిలి, ముందు నిలబెట్టిన బొమ్మ మనిషి ముక్కు దగ్గర దాని గాఢతను కొలిచేది అందుకే. హుడ్ కొత్తగా బిగించినప్పుడు, డక్టు మార్చినప్పుడు, చాలా విషపూరితమైన పదార్థంతో పని మొదలుపెట్టే ముందు ఆ పరీక్షను చేయించండి. మీరు చేసిన పరీక్ష దానికి ప్రత్యామ్నాయం కాదు.

నివేదికలో తేదీ, సాష్ ఎత్తు, 10 గడుల రీడింగులు విడివిడిగా, సగటు, అతి తక్కువ రీడింగు వచ్చిన గడి, పొగ ఎక్కడ మందగించింది, ఎక్కడ వెనక్కి తిరిగింది, ఏ సామాను తీశాక ఏం మారింది అన్నవి రాయండి, మొదట తీసిన ఫొటోను జతచేయండి. హుడ్ ప్యానెలు మీద వేగం చూపే మానిటరు ఉంటే, మీ సగటు వచ్చిన సమయంలో అది చూపిన అంకెను కూడా పక్కనే రాయండి. చాలా మానిటర్లు పక్కగోడలోని ఒకే చిన్న రంధ్రం దగ్గర గాలిని పసిగడతాయి కాబట్టి అవి క్రమంగా దారి తప్పుతాయి. వచ్చే ఏడాది రెండు అంకెల మధ్య దూరం పెరిగితే మానిటరును సరిచేయించాలి. చివరగా సాష్‌ను పని ఎత్తు దాటించి పైకి లేపి చూడండి. హుడ్‌కు ఉన్న అలారం మోగకపోతే అది పాడైపోయి ఉండవచ్చు, లేదా ఎవరో శబ్దం భరించలేక మ్యూట్ చేసి ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏది నిజమో తేలేదాకా ఆ హుడ్ ముందు వాడకూడదన్న కాగితం అంటించండి.